చాక్‌పీసు వదిలేశానండి: పదకొండేళ్ల బడి నుంచి ఆన్‌లైన్ పాఠాలకి, నా అనుభవం

స్టాఫ్‌రూంలో సరిగ్గా చెప్పలేకపోయిన వీడ్కోలు ఇది. ఏప్రిల్ 23న బయటికొచ్చాను, ఇప్పుడు ఆగస్టు నడుస్తోంది. ఈ నాలుగు నెలల్లో కనీసం తొమ్మిదిమంది టీచర్లు ఫోన్ చేసి "ఎలా ఉందండి, మేం కూడా మానేద్దామా" అని అడిగారు, ఒక్కొక్కళ్లకీ గంటేసి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. జరిగింది జరిగినట్టు రాస్తా, మానెయ్యమనీ చెప్పను, ఉండమనీ చెప్పను.

మాది రాజోలు వైపు ఊరు. రోజూ స్కూటీ మీద చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు ఒక ప్రైవేట్ హైస్కూల్‌కి వెళ్లేదాన్ని, ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకి లెక్కలు. 2014 జూన్‌లో చేరాను. చివరికి జీతం చేతికి ఇరవై నాలుగు వేలు, పీఎఫ్ 1800 పోగా. సంక్రాంతి ముందు మంచులో ఆ వంతెన మీద లైట్ వేసుకుని పోతుంటే కింద గోదారి ఉందో లేదో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు ఆ దారి లేదు గానీ ఏడున్నర అయ్యేసరికి నడుం ఇంకా దానంతటదే లేస్తుంది.

ఆన్‌లైన్ ఎలా మొదలైందంటే, 2024 జూలైలో మా స్టాఫ్‌లో ఒకావిడ "మా అక్క కూతురు కువైట్‌లో ఏడో తరగతి, లెక్కల్లో వెనకబడింది, రాత్రిపూట కాస్త చెప్తారా" అంది. మన కోనసీమలో ఇంటికొకళ్లు గల్ఫ్‌లో ఉంటారు కదండి, ఆ ఒక్క పిల్ల నుంచి నోటి మాట మీద డిసెంబర్‌కి ఏడుగురయ్యారు. మనకి రాత్రి ఏడున్నర అంటే కువైట్‌లో సాయంత్రం అయిదు, వాళ్లకి బడి అయ్యి తిండి తిని కూర్చునే టైం, నాకు వంట అయ్యే టైం. విడిగా ఒక్కళ్లకే అయితే నెలకి నాలుగు వేలు, గ్రూపులో అయితే మనిషికి పదిహేను వందలు. సంక్రాంతి అయ్యాక మా ఆయనా నేనూ కూర్చుని లెక్కేసుకుంటే పగలు బడి, రాత్రి ఇది, మధ్యలో పేపర్లు దిద్దడం, ఏదో ఒకటి వదలాలి, లేదా నేను పడిపోవాలి అని తేలింది.

ఫిబ్రవరి 3, సోమవారం, రాజీనామా ఇచ్చా. కరస్పాండెంట్ గారు కాగితం చదివి, మడిచి, జేబులో పెట్టుకుని "పదో తరగతి పరీక్షలయ్యాక మాట్లాడదామమ్మా" అన్నారు. ఇక్కడ నేను చేసిన తప్పు ఏంటంటే అందిందని సంతకం తీసుకోలేదు. మార్చి 24న లెక్కల పరీక్ష అయ్యాక వెళ్తే "రాజీనామానా, ఎప్పుడిచ్చావు" అన్నారు. మళ్లీ రాసి, ఈసారి రెండు కాపీలు తీసుకెళ్లి, ఆఫీసులో స్టాంపు వేయించుకుని, ఫోటో తీసుకున్నా. దయచేసి మొదటిసారే అలా చెయ్యండి.

రెండోది మే జీతం. ప్రైవేట్ స్కూళ్లలో చేసినవాళ్లకి తెలుసు, వేసవి జీతం జూన్‌లో మళ్లీ చేరినవాళ్లకే ఇస్తారు. నేను ఏడాదంతా పనిచేశాను కదా, ఇస్తారులే అనుకున్నా. ఇవ్వలేదు. "నువ్వు రావట్లేదుగా" అని ఒక్క మాట. ఇరవై నాలుగు వేలు అలా పోయాయి.

చివరి రోజు గురించి రాయాలంటే, నేను అనుకున్నది ఒకటి, అయింది ఇంకోటి. ఏప్రిల్ 23 మాకు ఆఖరి పనిదినం, సరిగ్గా ఆ రోజే పదో తరగతి రిజల్ట్స్ వచ్చాయి. పొద్దున్నుంచి ఆఫీసంతా మార్కుల గోల, ఫ్లెక్సీ వాడికి ఫోన్లు, ఎవరి ఫోటో పైన పెట్టాలి ఎవరిది కింద పెట్టాలి అని. నా సన్మానం మధ్యాహ్నం మూడింటికి అన్నారు, నాలుగున్నరకి ఒక చీర, ఒక దండ, అయిదు నిమిషాలు. నాకేం బాధ లేదండి, నేనూ ఆ రోజు మా పిల్లల మార్కులే చూసుకుంటున్నా, లెక్కల్లో ఎవరూ తప్పలేదని తెలిసేదాకా అన్నం కూడా తినలేదు. కానీ ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో ఒక పిల్లాడు, అటెండెన్స్ తీసేటప్పుడు ఎప్పుడూ "ప్రెజెంట్" అనకుండా చెయ్యి మాత్రం ఎత్తేవాడు, వాడు సైకిల్ స్టాండ్ దగ్గర ఆగి సంచీడు కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు ఇచ్చి "ఆవకాయకి బాగుంటాయంట మేడం, మా అమ్మ చెప్పింది" అని ఆగకుండా వెళ్లిపోయాడు. స్కూటీ ముందు పెట్టుకుని వంతెన ఎక్కానా, అక్కడ ఆగి ఏడ్చా. అదీ నా వీడ్కోలు.

వెళ్లేముందు "నో డ్యూస్" కాగితం మీద లైబ్రరీ, ల్యాబ్, స్టోర్ సంతకాలు తేవాలి. స్టోర్‌లో బోర్డు మీద గీసే చెక్క కంపాస్ ఒకటి నా పేరున ఉందట, 2019లో తీసుకున్నానట, ఏమైందో దేవుడికెరుక. మూడొందల యాభై కట్ చేశారు. పదకొండేళ్లలో ఆ బడికి నేను బాకీ పడ్డది అదొక్కటే.

అసలు కష్టం సర్టిఫికెట్లు. చేరినప్పుడు పదో తరగతి, డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్ ఆఫీసులో ఇచ్చేశా, అందరూ ఇచ్చారు, నేనూ ఇచ్చా. ఇప్పుడు అడిగితే బీరువా తాళం హైదరాబాద్‌లో ఉందన్నారు. మే 2న వెళ్తే సారు లేరు, మే 10న వెళ్తే ఉన్నారు గానీ "మీ ప్లేస్‌లోకి మనిషి దొరకనీ అమ్మా" అన్నారు, మే 19న నాకు బదులు ఒకబ్బాయి చేరాడు, ఆ రోజు చేతిలో పెట్టారు. ఇరవై ఆరు రోజులు. ఎండలో మూడుసార్లు వంతెన దాటడం. నాకు ఆన్‌లైన్ పనికి ఆ కాగితాలు ఎవరూ అడగలేదు గానీ, రేపు ఏ డీఎస్సీయో రాయాలంటే అవి లేకుండా ఏం చేస్తాను?

పీఎఫ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మానేసిన తేదీ స్కూలు వాళ్లు పోర్టల్‌లో వెయ్యాలి, వెయ్యలేదు. నేను రెండు నెలలు బతిమాలా. తర్వాత తెలిసిందేంటంటే చివరి పీఎఫ్ పడ్డ నెల నుంచి రెండు నెలలు దాటితే మన యూఏఎన్ లాగిన్‌లో Manage కింద Mark Exit అని ఉంటుంది, ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చు. జూలై 4న వేశా, తర్వాత క్లెయిమ్ పెట్టా, జూలై 22న డబ్బు పడింది. అయితే పెన్షన్ వాటా మాత్రం రాలేదు. నాకు పీఎఫ్ 2015 జూన్ నుంచి కట్టారు, అంటే తొమ్మిదేళ్ల పదకొండు నెలలు. ఆరు నెలలు దాటితే ఏడాది కింద లెక్క కాబట్టి పదేళ్లయినట్టే, పదేళ్లయితే ఆ డబ్బు చేతికివ్వరు, స్కీం సర్టిఫికెట్ ఇస్తారు, యాభై ఎనిమిదేళ్లొచ్చాక పెన్షన్. నేను ఆ డబ్బుతో కొత్త ల్యాప్‌టాప్ కొందామని లెక్కేసుకుని కూర్చున్నా, మా ఆయన నవ్వారు, "లెక్కల టీచరుకి లెక్క తప్పింది" అని.

ఇక పాఠం దగ్గరికి వద్దాం, నిజానికి నేను రాయాలనుకుంది ఇదే.

పగలు బడి ఉన్నప్పుడు ఆన్‌లైన్ ఏదో పక్క పనిలా సాగిపోయింది, మే నుంచి అదే పనయ్యేసరికి ఒక్కొక్కటీ బయటపడ్డాయి. రాసే ట్యాబ్లెట్ నాలుగున్నర వేలు పెట్టి కొన్నా. చెయ్యి బల్ల మీద, చూపు స్క్రీన్ మీద, మొదటి వారం నా అంకెలు చూసి కువైట్ పిల్లలు "మేడం అది ఆరా సున్నానా" అని అడిగారు. పది రోజులకి చెయ్యి కుదిరింది. జూమ్ ఫ్రీ అకౌంట్‌లో నలభై నిమిషాలకి కట్ అయిపోతుంది, మొదట తిట్టుకున్నా, తర్వాత చూస్తే మా బడిలో పీరియడ్ కూడా నలభై నిమిషాలే కదా, బెల్లు కొట్టినట్టే అనుకుని డబ్బు కట్టడం మానేశా.

కరెంటు గురించి ఒక మాట. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉన్నా. మేలో ఈదురుగాలికి కొబ్బరి మట్ట తీగల మీద పడి ఊరంతా కరెంటు పోయింది, నా ఫ్యాను తిరుగుతోంది, మోడెం లైట్లు వెలుగుతున్నాయి, గంటన్నర తర్వాత నెట్ మాత్రం పోయింది. కేబుల్ ఆపరేటర్‌ని అడిగితే "మా ఆఫీసులో బ్యాటరీ అయిపోయిందండి, మీ ఇంట్లో కరెంటుంటే ఏం లాభం" అన్నాడు. అప్పట్నుంచీ వేరే కంపెనీ సిమ్ ఒకటి ఫోన్‌లో వేసి హాట్‌స్పాట్‌కి రెడీగా పెట్టుకున్నా, ఒక క్లాసుకి ఒక జీబీ దాకా పోతుంది. వాన మాత్రం ఏం చేసినా ఆగదు, మా వెనక రేకుల షెడ్డు మీద వాన పడితే నా గొంతు నాకే వినపడదు, ఆ రోజు రాసి చూపించడమే.

ఇవన్నీ డబ్బుతోనో అలవాటుతోనో తీరేవి. తీరనిది ఏంటంటే నోటుబుక్కు.

మే రెండో వారం, ఎనిమిదో తరగతి గ్రూపు, ఆరుగురు. లెక్క ఇది:

5 − 2(x − 3) = 1

చెప్పాను, ఒకటి చేసి చూపించాను, ఇది ఇచ్చి చాట్‌లో జవాబు రాయమన్నా. ఒక పిల్లాడు టక్కున x = 5 అన్నాడు, వెంటనే వరసగా అయిదుగురూ x = 5, x = 5. భలే అనుకున్నా. పదకొండేళ్లు బడిలో చేసి కూడా అంత అమాయకంగా ఎలా అనుకున్నానో! క్లాసులో అయితే నేను బోర్డు దగ్గర నిలబడే మనిషిని కాను, బెంచీల మధ్య తిరుగుతూ ఉంటా, భుజం మీదుగా ఒక్క చూపు చూస్తే ఎవడు ఎక్కడ జారాడో తెలిసిపోతుంది. ఇక్కడ నాకు కనపడేది ఆరు నుదుళ్లు, ఒక సీలింగ్ ఫ్యాను.

అనుమానం వచ్చి మర్నాడు అలాంటి లెక్కే ఇచ్చి, "రాయండి, కానీ సెండ్ నొక్కొద్దు, నేను మూడు లెక్కపెట్టాక అందరూ ఒకేసారి నొక్కాలి" అన్నా. ఒకటి, రెండు, మూడు. ఆరుగురిలో నలుగురిది తప్పు. నలుగురిదీ ఒకటే తప్పు. ముందురోజు లెక్కని మళ్లీ ఒకేసారి నొక్కించి చేయిస్తే ఆ నలుగురికీ x = −1 వచ్చింది.

జవాబు చూడగానే తెలిసింది గానీ రుజువు కావాలిగా. మొదటి నుంచీ ఉన్న ఆ కువైట్ పిల్ల వాళ్లమ్మకి ఫోన్ చేసి "అమ్మా, ఇంకో ఫోన్ ఉంటే నాలుగు పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఫోన్ అంచు మీద కెమెరా బయటికొచ్చేలా పడుకోబెట్టి, కింద నోటుబుక్కు కనపడేలా అదే క్లాసులో జాయిన్ చెయ్యండి" అన్నా. మొదటిసారి రెండు ఫోన్లూ ఒకేచోట ఆన్ అయ్యేసరికి కీఁ మని ఒకటే కూత, అత్తయ్యగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. రెండో ఫోన్‌లో ఆడియో అసలు కనెక్ట్ చెయ్యకూడదు, మ్యూట్ పెడితే సరిపోదు, స్పీకర్ కూడా ఉండకూడదు. అది సర్దుకున్నాక తెరమీద నోటుబుక్కు వచ్చింది. పెన్సిలు చెయ్యి. నెలల తర్వాత ఆ పిల్ల చేతిరాత మొదటిసారి చూడటం.

రాసింది: 5 − 2x − 6 = 1. అక్కడే. రెండుని లోపలికి పంపింది, మైనస్‌ని మొదటి దాని దగ్గరే వదిలేసింది. తర్వాత −2x − 1 = 1, ఇక x = −1, మిగతా లెక్కంతా శుభ్రంగా, అక్షరం పొల్లుపోకుండా కరెక్ట్. అంటే పిల్లకి లెక్క రాక కాదు, ఆ మైనస్ ఎవరిదో తెలియక. సూత్రం మళ్లీ చెప్తే మళ్లీ తలూపుతుంది. అందుకని లెక్క ఆపి, కాయల మాట ఎత్తా. వాళ్ల తాతగారికి కొబ్బరి తోట ఉంది.

"నీ దగ్గర కాయలున్నాయి. నేను రెండు గోతాలు పట్టుకుపోయా. గోతానికి ఎక్స్ కాయలు ఉండాలి, కానీ ఒక్కోదాంట్లో మూడు తక్కువున్నాయి. నీకు ఎన్ని పోయాయి?"

"రెండు ఎక్స్... కాదు మేడం, ఆరు తక్కువ."

"ఆ ఆరూ ఎవరి దగ్గరున్నాయి?"

కాసేపు పెన్సిలు కదల్లేదు. తర్వాత ఆ 6 ముందున్న మైనస్ మీద నిలువుగా ఒక గీత గీసి ప్లస్ చేసింది. నా వైపు చూడలేదు, నేను ఉన్నాననే గుర్తులేదు దానికి. 11 − 2x = 1, x = 5. మళ్లీ మొదటి లైన్లో పెట్టి చూసుకోమన్నా, 5 లోంచి 4 పోతే 1, సరిపోయింది.

అప్పట్నుంచీ నా దగ్గర రూలు ఇదే, రెండో ఫోన్ లేని ఇంటి పిల్లల్ని గ్రూపులో తీసుకోను, విడిగా తీసుకుంటా, వాళ్లు ఉన్న ఒక్క ఫోన్‌నే నోటుబుక్కు మీద పెడతారు, మొహం కనపడకపోయినా పర్లేదు. నాకు మొహంతో పనేంటండి, పెన్సిలు చూస్తే చాలు. ఒక్కటే ఇబ్బంది, ఆరు నోటుబుక్కులు ఒకేసారి చిన్న చిన్న డబ్బాల్లో చదవలేం, నలుగురు దాటితే కుదరదు. అంటే ఒక్క గ్రూపుతో వచ్చే డబ్బు తగ్గినట్టే. వందమందిని కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల పని వేరు, నాకది రాదు.

డబ్బు సంగతి దాచను. మేలో పంతొమ్మిది వేలు వచ్చింది, సంతోషపడ్డా. జూన్‌లో ఎనిమిదిన్నర వేలు. ఎందుకంటే గల్ఫ్ బడులకి ఎండాకాలం సెలవులిచ్చి పిల్లలందరూ సొంతూళ్లకి వచ్చేశారు, ఇంటికొచ్చిన పిల్లలు తాతల ఇళ్లలో ఉంటారా, ట్యూషన్‌లో కూర్చుంటారా? ఈ చిన్న విషయం నాకు ముందు తట్టలేదు, నేను మానేసిన టైమూ వాళ్లు సెలవులకొచ్చే టైమూ ఒకటే అయింది. జూలైలో మన ఊరి పిల్లలు నలుగురు కలిస్తే పదకొండు వేలయింది. ఈ ఆగస్టులో పద్నాలుగుమంది ఉన్నారు, అందరూ తిరిగి కూర్చుంటే ముప్ఫై దాటుతుంది. చేతిలో ఆర్నెల్ల ఖర్చు లేకుండా మానెయ్యకండి, ముఖ్యంగా ఏప్రిల్‌లో.

ఇంట్లో ఉంటే జనం దృష్టిలో ఖాళీగా ఉన్నట్టే, అది ఇంకో కథ. శ్రావణమాసం వచ్చాక రోజుకొక పేరంటం పిలుపు, "ఇప్పుడు నీకు బడి లేదుగా అమ్మాయ్" అంటారు. అత్తయ్యగారే నయం, గది తలుపు మీద పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి "క్లాసు జరుగుతోంది" అని రాసి అంటించారు, తనే బయట కుర్చీ వేసుక్కూర్చుని వచ్చినవాళ్లని పంపించేస్తున్నారు, వాచ్‌మన్‌లా.

జూలై మూడో వారంలో ఆ కువైట్ పిల్లా వాళ్లమ్మా ఆటోలో మా ఇంటికి వచ్చారు. ఏడాదిగా రోజూ చూస్తున్న పిల్ల, గుమ్మంలో నిలబడితే గుర్తుపట్టలేదు, ఇంత పొడుగుంటుందనుకోలేదు. ఆ పిల్ల కూడా నన్ను చూసి "మేడం మీరు పొట్టిగా ఉన్నారు" అంది, వాళ్లమ్మ గిల్లింది. అరుగు మీద కూర్చుని సంచిలోంచి నోటుబుక్కు తీసింది. నేను తెరమీద అంతసేపు పైనుంచి చూసిన నోటుబుక్కే, అంచులు నలిగి, అట్ట మీద స్టిక్కర్లతో. పేజీలు తిప్పుతుంటే అన్నీ నాకు తెలిసిన లెక్కలే, కానీ ఒక్క ఎర్ర గీత లేదు. ఏడాది మొత్తం ఒక్క టిక్కు లేదు.

"మేడం, రైట్ పెట్టరా?" అంది.

ఇంట్లో ఎర్ర పెన్ను వెతికితే లేదు, నా పెన్నులన్నీ స్టాఫ్‌రూం సొరుగులో ఉండిపోయాయి. మా అబ్బాయిని కొట్టుకి పంపించా, పది రూపాయల పెన్ను తెచ్చాడు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క లెక్కకీ పెట్టుకుంటూ వచ్చా, తప్పున్న చోట సున్నా చుట్టి పక్కన రాసుకుంటూ, వాళ్లమ్మ కాఫీ తాగి, అత్తయ్యగారితో కబుర్లయ్యి, ఆటో అబ్బాయి రెండుసార్లు హారన్ కొట్టినా ఇంకా పన్నెండు పేజీలు మిగిలే ఉన్నాయి.